ఇతరాలు: ఏమీ లేవు

గుండయ్య చార్మినార్ దగ్గర ఒక మాట మొదలుపెడితే, అది ఫలక్‌నుమా చేరేలోగా పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, వాళ్లకు పేర్లు కూడా పెట్టేసేది. మనిషి పొట్టి. మాటే పొడుగు. పాతబస్తీ మేడల మీద నిలబెట్టిన సెల్‌ఫోన్ టవర్లను చూసుకునే ఫీల్డ్ ఇంజనీరాయన. యాభై రెండేళ్లొచ్చినా కోతిలా ఎక్కి దిగుతాడు. ఒక బోల్టు చూడటానికి రెండు నిమిషాలు పడితే, చూశానని చెప్పడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. టైపు చేసి పంపమంటే వేలు చూపిస్తాడు. "గీ వేలు ఒక్కసారి పెడితే మూడక్షరాల మీద పండుకుంటది బిడ్డా. నా నోరే నయం."

ఆ నోరంతా వచ్చి పడేది షారోన్ ఫోన్లో. కంచన్‌బాగ్ దారిలో, టైర్ల దుకాణం పైన, రెండో అంతస్తులో వాళ్ల ఆఫీసు. టవర్లు ఎక్కడో మాదాపూర్లో ఉండే పెద్ద కంపెనీవి. వాటిని కనిపెట్టుకునే కాంట్రాక్టు ఈ చిన్న ఆఫీసుది. గుండయ్య సైటు నుంచి వాయిస్ నోటు పంపుతాడు. దాన్ని ఒక యాప్ అక్షరాల్లోకి మారుస్తుంది. చుక్కా కామా ఏదీ లేకుండా, ఊపిరి పీల్చుకునే చోటు లేకుండా, రెండు మూడు పేజీల అడవి ఒకటి తెర మీద మొలుస్తుంది. ఆ అడవిని నరికి, చదును చేసి, అయిదు లైన్ల ఇంగ్లీషు మెయిలు కట్టి మాదాపూరుకు పంపడం షారోన్ ఉద్యోగం.

ఏడాదిన్నరలో ఆమె చెయ్యి తిరిగింది. మొదట ఒకసారి మొత్తం చదువుతుంది. తర్వాత చాయ్‌లూ, పార్కింగు కొట్లాటలూ, దారిలో కనబడిన చిన్ననాటి స్నేహితులూ ఎగిరిపోతారు. మిగిలినదాన్ని గళ్లలో సర్దుతుంది: సైటు, చేసిన పని, కొలతలు, కావలసిన సామాను, ఎవరు ఎప్పటిలోగా చేయాలి, చివర ఇతరాలు. అంకెల దగ్గర మాత్రం యాప్‌ను నమ్మదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ముక్క మళ్లీ వింటుంది. "గది", "గాడ" అని గుండయ్య వేలు చూపించి చెప్పినవేమైనా ఉంటే ఫోన్ చేసి ఏదో, ఎక్కడో అడుగుతుంది. ఊహించి రాయదు. ఆమె మెయిళ్లు బాగుంటాయని మాదాపూర్ వాళ్లు మేనేజరు వంశీధర్‌తో రెండుసార్లు అన్నారు. వంశీధర్‌ది భీమవరం. మెచ్చుకోవడం కూడా వెటకారంగానే చేస్తాడు.

"ఏనుగును ఇచ్చినా అగ్గిపెట్టెలో పెట్టేస్తావమ్మా షారోన్. దాని తొండం ఏం చేశావని మాత్రం నేను అడగను."

ఆ మాటకు ఆమె నవ్వింది. అప్పటికి అది నవ్వే మాటే.

శాలిబండ సైటు నుంచి జూన్‌లో వచ్చిన నోటు ఇలా ఉంది:

"ఆ షారోన్ బిడ్డా శాలిబండకొచ్చిన పదింటికే వచ్చిన గని బండి పెట్టెతందుకు జాగ లేదు గాజులాయన బండి అడ్డం పెట్టిండు గాయనతోని జర లొల్లి అయింది సరే పైకి పోయిన బోల్టులు ఎనిమిదికి ఎనిమిది టైటున్నయ్ టవర్ నిటారుగున్నది ఎర్తింగు జీరో పాయింట్ ఎనిమిది బ్యాటరీలల్ల మూడో నంబర్ది వీకున్నది మార్చాలె కింద రాజమణమ్మ చాయ్ ఇచ్చింది ఆమె దర్వాజ పడ్తలేదంట పోయిన నెలనే వడ్రంగితోని రంద పట్టించింది మళ్ల పడ్తలేదు ఇంకో ముచ్చట చెప్త నవ్వకు వాళ్లింట్ల మధ్యాహ్నం పూట ఎవరో లోపల్నుంచి గోడ కొడ్తున్నరంట టక్కుమని ఒక్కసారే ఎవరా అని చూస్తే ఎవరుంటరు నేనన్న అమ్మా గది సచ్చిపోయిన మీ ముసలాయన కావొచ్చు చాయ్ అడుగుతున్నడు అని మస్తు నవ్వింది గని నాకెందుకో మంచిగనిపిస్తలేదు సరే బ్యాటరీ సంగతి మర్చిపోకు"

షారోన్ పంపింది ఇది:

సైటు: శాలిబండ, మేడ మీది టవరు.
చేసిన పని: నెలవారీ తనిఖీ.
కొలతలు: పునాది బోల్టులు ఎనిమిదీ బిగువుగా ఉన్నాయి. టవరు నిటారుగా ఉంది. ఎర్తింగు 0.8 ఓం, హద్దులోనే.
కావలసింది: మూడో బ్యాటరీ మార్పు. స్టోర్స్, శుక్రవారంలోగా.
ఇతరాలు: ఏమీ లేవు.

చక్కగా ఉంది కదా. అబద్ధం ఒక్కటీ లేదు, చివరి లైను తప్ప. ఆ లైను ఆమె ఆలోచించి రాసింది కాదు. గడి ఖాళీగా పంపితే మాదాపూర్ కంప్యూటరు మెయిలును తిప్పి కొట్టేది. అందుకని అన్ని సైట్లకూ అదే మాట అతికించేది, ఉత్తరం చివర సంతకం పెట్టినట్టు.

అక్టోబరులో ఒక మంగళవారం. పొద్దున పదకొండు దాటింది. కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టే మిషను ఆగి ఆగి మోగుతోంది. శాలిబండలో ఆ రోజు పెద్ద పని. ఆ టవరుకు కొత్త పరికరాలొస్తున్నాయి. వాటి కోసం నాలుగు కొత్త బ్యాటరీ అలమరాలు, ఒక్కొక్కటీ అయిదు వందల కిలోలు, మేడ మీదికి ఎక్కించాలి. ఎక్కించేవాళ్లు వేరే కాంట్రాక్టు మనుషులు. గుండయ్య పక్కనుండి చూస్తాడు.

ఆయన నోటు వచ్చింది. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. షారోన్ అక్షరాలు చదువుతూ అలవాటుగా కొట్టేయసాగింది. చెయిన్ కప్పీ సంగతి, ఉంచింది. హలీమ్ తిన్న సంగతి, తీసేసింది. రాజమణమ్మ దర్వాజ గడియ మళ్లీ పడటం లేదట, వడ్రంగి గడియ రంధ్రాన్ని వేలెడు కిందికి జరిపాడట, పిల్లలు నిమ్మకాయను ఇంట్లో ఎక్కడ పెట్టినా అది దొర్లుకుంటూ పోయి ఒకే మూలన కూర్చుంటోందట. తీసేసింది. ఆ పక్కనే మొదటి అలమర బరువు అంకె ఉంది. అంకె కదా, వినాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చోటికి జరిపింది.

"...మొదటిది ఎక్కింది బిడ్డా, అయిదు వందల పన్నెండు కిలోలు రాసున్నది దాని మీద, ఇంగ..."

అక్కడ ఒక చప్పుడు.

టక్.

ఎండు కట్టెను మోకాలి మీద విరిచినట్టు. పెద్దదేమీ కాదు. కానీ ఆ తర్వాత గుండయ్య ఆగిపోయాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు సెకన్లు. ఏడాదిన్నరలో గుండయ్య నోరు నాలుగు సెకన్లు ఖాళీగా ఉండటం షారోన్ ఎన్నడూ వినలేదు. దగ్గరలో ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు గుండయ్య, కాస్త తగ్గిన గొంతుతో, "ఆ... ఏం చెప్తున్న. కప్పీ. కప్పీ మంచిగనే పనిచేస్తున్నది" అన్నాడు.

తెర మీద చూసింది. అయిదు వందల పన్నెండు కిలోలు రాసున్నది దాని మీద ఇంగ ఆ ఏం చెప్తున్న కప్పీ. అంతే. చప్పుడు లేదు. నాలుగు సెకన్లూ లేవు. యాప్ మాటలనే రాస్తుంది. గోడలు మాట్లాడితే రాయదు.

మళ్లీ విన్నది. మూడోసారి విన్నాక, కొట్టేసిన వాక్యాలను ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చింది. గడియ "మళ్లీ" పడటం లేదు. మళ్లీ అంటే, ఇంతకు ముందు ఎన్నిసార్లు? ఆమె పంపిన మెయిళ్లలో వెతికితే ఒక్కటీ దొరకదు. పాత అడవులు మాత్రం ఒక ఫోల్డరులో అలాగే పడి ఉన్నాయి. అందులో శాలిబండ తెరిచి "దర్వాజ" అని వెతికింది.

మే: దర్వాజ పడ్తలేదు, రంద పట్టించిన్రు. జూన్: మళ్ల పడ్తలేదు, గోడ కొడ్తున్నరు. జూలై: కిటికీ మూలకెల్లి గోడకు గీత పడ్డది, సన్నగ, వెంటిక లెక్క. ఆగస్టు: వంటింటి తలుపు గూడ పడ్తలేదు, రాజమణమ్మ లొల్లి చేసింది, కొత్త సామాను ఎక్కియ్యనియ్యనన్నది. సెప్టెంబరు: గీతల చీపురుపుల్ల పడ్తున్నది. ప్రతి నోటు చివరా, కాస్త అటూ ఇటూగా, ఒకే మాట: నాకెందుకో మంచిగనిపిస్తలేదు.

అయిదు నెలలు. అయిదు మెయిళ్లు. ఇతరాలు: ఏమీ లేవు.

షారోన్ నాన్న డానియేలు కంచన్‌బాగ్ లోని ఒక లోహపు కార్ఖానాలో చెక్క అచ్చులు చేసి రిటైరైన మనిషి. చెక్క ముక్కను చేత్తో నిమిరి దాని ఊరూ పేరూ చెబుతాడు. ఆయనకు ఫోన్ చేసింది.

"డాడీ, ఒక ఇంట్ల దర్వాజ పడ్తలేదు. మే నెలకెల్లి. వానకు ఉబ్బుతది గదా కట్టె?"

"మే నెల్ల వానేడిది? ఎండకు కట్టె గుంజుకుంటది బిడ్డా, ఉబ్బది. ఎండకాలం దర్వాజ బిగుసుకున్నదంటే దర్వాజ మారలే, చౌకట్టు మారింది. చౌకట్టు ఊకె మారదు, గోడ దాన్ని ఒత్తుతున్నది. ఎవరిల్లు? ఆ ఇంట్ల పంటున్నరా మనుషులు?"

ఆమె ఫోన్ పెట్టేసి గుండయ్యకు చేసింది.

"కాకా, పని ఆపియ్యి."

"ఏంది బిడ్డా?"

"నీ నోటుల ఒక సప్పుడు ఉన్నది. నువ్వు ఊకున్నవు. ఏంది కాకా అది?"

అవతల గుండయ్య మెట్లు దిగుతున్నట్టున్నాడు, ఆయాసం వినబడుతోంది. "నేను మెట్ల మీదున్న. గోడల్నుంచి వచ్చింది. నా చెయ్యి గోడ మీదనే ఉండే. చేతికి తెలిసింది." గొంతు ఇంకా తగ్గించాడు. "నేనేం సివిల్ ఇంజనీర్ను గాదు. బోల్టులు, బ్యాటరీలు నా పని. ఆఫీసుకు ప్రతిసారి చెప్తనే ఉన్న గద, వాళ్లు ఇంజనీర్లకు చూపిచ్చి ఫికర్ లేదన్నట్టున్నరు, అందుకే సామాను ఎక్కియ్యమంటున్నరు అనుకున్న. ఎవరన్న చూసిన్రా బిడ్డా? చూసిన్రు గదా?"

"పని ఆపియ్యి కాకా" అని మాత్రం మళ్లీ అంది.

"నేను చెప్తే ఆపరు. వీళ్లు వేరేటోళ్లు. మాదాపూర్‌కెల్లి మెయిల్ రావాలంటరు. రెండోది గూడ ఎక్కుతున్నది. తొందరగ కొట్టు."

అయిదు లైన్లలో కొట్టాలి. మాదాపూర్‌లో వాటిని చదివే మనిషికి రోజుకు రెండు వందల మెయిళ్లొస్తాయి. మొదటి లైను పట్టుకుంటేనే రెండో లైను చదువుతాడు. అది షారోన్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దయ్యం కథ చెబితే నవ్వి మూసేస్తాడు. భయంగా ఉందని రాస్తే ఎవరి భయం అంటాడు. కనుక కళ్లకు కనబడినదే రాసింది, తేదీలతో.

విషయం: శాలిబండ – బ్యాటరీ పని ఇప్పుడే ఆపండి – కింద కుటుంబం ఉంది
పరిశీలన: మే నుంచి కింది ఇంటి తలుపులు నాలుగుసార్లు బిగుసుకున్నాయి. కిటికీ మూల నుంచి గోడకు పగులు: జూలైలో వెంట్రుకంత, సెప్టెంబరులో చీపురుపుల్ల పట్టేంత. నేల ఒక మూలకు వాలింది. ఇవాళ మొదటి అలమర ఎక్కగానే గోడలోంచి చప్పుడు, రికార్డింగు జతచేశాను.
చేయవలసింది: ఇక ఏదీ ఎక్కించొద్దు. ఇల్లు ఖాళీ చేయించాలి. కట్టడాల ఇంజనీరు ఇవాళే చూడాలి.
సవరణ: మా గత అయిదు మెయిళ్లలో "ఇతరాలు: ఏమీ లేవు" అన్నది తప్పు. పై సంగతులు గుండయ్య ఏ నెలకా నెల చెప్పారు. నేను తీసేశాను.

పంపే ముందు ల్యాప్‌టాప్ పట్టుకుని వంశీధర్ టేబులు దగ్గరికి పోయి తెర చూపించింది. ఆయన మొదట వెటకారానికి నోరు తెరిచాడు, చదువుతూ చదువుతూ మూసుకున్నాడు. చప్పుడు విన్నాడు. కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు.

"పంపించు. ఆ సవరణ ఒక్కటీ తీసేసి పంపించు."

"అది తీస్తే నమ్మరు సార్."

"నమ్మకపోవడమేంటి? పైనంతా రాశావుగా."

"అయిదు నెలలు మంచిగున్నదని రాసి, ఇయ్యాల ఇల్లు ఖాళీ చెయ్యిమంటే ఏమనుకుంటరు? రేపు ఒక మనిషిని పంపి చూద్దామంటరు. రెండోది ఎక్కుతున్నది సార్ ఆడ."

"అది తీయకపోతే మన కాంట్రాక్టు సంగతేంటమ్మా? నీ ఉద్యోగం సంగతేంటి?"

ఆయన గొంతులో కోపం లేదు. భీమవరం యాస కూడా ఎటో పోయింది. షారోన్ ఆ లైను చెరపలేదు. ఆయన వేలు మౌస్ మీద పెట్టి, తీసి, చెమట తుడుచుకుని, "నా పేరు కూడా పెట్టు కింద. ఒక్కదానివే ఎందుకు" అని, ఆమె ఆ పేరు కొట్టగానే ఆయనే పంపేశాడు.

తొమ్మిది నిమిషాలకు జవాబొచ్చింది, ఒక్క లైను: పని ఆపమన్నాం, ఇంజనీరు బయల్దేరారు, మీ వాళ్లు ఇంటివాళ్లను బయటికి తేవాలి. ఆ తొమ్మిది నిమిషాల్లో రెండో అలమర మేడ మీద కూర్చుంది. దించుదామా అని ఆ మనుషులు అడిగారట. ఇంజనీరు చూసేదాకా దాన్ని తాకవద్దని చెప్పారు. ఎక్కించినది దించడానికి కూడా భయపడే స్థితికి వచ్చింది వ్యవహారం.

మరో అయిదు నిమిషాలకు గుండయ్య ఫోన్. "రాజమణమ్మ కోడలు సోనీని, పిల్లలను బయటికి తెచ్చిన. ముసలామె వస్తలేదు. నా మాట వింటలేదు బిడ్డా. నేనెప్పుడు పరాచికాలాడేటోన్ని, గిప్పుడు గూడ పరాచికమే అనుకుంటున్నది. ఆఫీసోళ్లొచ్చి చెప్తేనే వస్తనంటున్నది."

షారోన్ మెట్లు దిగి ఆటో ఎక్కింది. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఆటో ఇరుక్కుపోయింది. ఫలక్‌నుమా వంతెన మీద ఒక బస్సు ఆగిపోయి ఉంది. ఆటోవాలా ఉర్దూలో బస్సునూ, దాని డ్రైవరునూ, వాడి వెనకటి మూడు తరాలనూ తీరిగ్గా పలకరిస్తున్నాడు. ఆమె దారి పొడుగునా తల ఎత్తి చూస్తూ కూర్చుంది. మేడ మీద టవరు. రెండు సందుల తర్వాత ఇంకొకటి. అన్నీ నిటారుగా ఉన్నాయి. అన్నిటి బోల్టులూ బిగువుగా ఉన్నాయి. వాటి కింద బట్టలారేసిన తీగలు, కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్లు, కిటికీలో నిలబెట్టిన పసిపిల్లలు. ఆ కిటికీలు సరిగ్గా పడుతున్నాయో లేదో ఆమె ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

ఇల్లు సందులో మూడోది. కింది అంతస్తు పాత డంగుసున్నం రాతి గోడలు. ఆ పైన రెండంతస్తులు తర్వాత లేపినవి, కిరాయికి ఎవరూ లేక తాళాలు వేసి ఉన్నాయి. ఆ పైన టవరు. సందులో ఇరవై ముప్పై మంది చేరి పైకి చూస్తున్నారు. ఎక్కించేవాళ్లు చెయిను వదిలేసి ఎదుటి అరుగు మీద బీడీలు కాలుస్తున్నారు. సోనీ చంకలో పిల్లనెత్తుకుని, ఇంకో పిల్లవాడిని కొంగుకు కట్టేసినట్టు పట్టుకుని నిలబడింది.

గుండయ్య షారోన్‌ను చూసి ఎదురొచ్చాడు. కళ్లతోనే గోడ చూపించాడు. కిటికీ కింది మూల నుంచి నేలదాకా ఏటవాలుగా పగులు. సెప్టెంబరులో చీపురుపుల్ల పట్టేది. ఇప్పుడు గుండయ్య తన చిటికెన వేలు పెట్టి చూపించబోయాడు. సగంలో భయమేసి తీసేశాడు.

వాకిలికి ఎదురుగా, లోపలి గదిలో, నవారు మంచం మీద రాజమణమ్మ కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్లుంటాయి. సన్నగా, కర్రలా ఉంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఉంది.

"గీ పిల్లనేనా ఆఫీసు?"

"అవునమ్మా. నా పేరు షారోన్. జర బయటికి రాండ్రి. ఇంజనీరు సారొచ్చి చూసేదాక బయట కూసుందురు."

"ఎందుకు రావాలె? చూడు." దిండు కింది నుంచి మడత పెట్టిన కాగితం తీసింది. "ఆగస్టుల నేను లొల్లి చేస్తే మీ పెద్ద కంపెనీ ఆయన వచ్చి గిది ఇచ్చి పోయిండు. మా సోనీ చదివి చెప్పింది. అన్ని మంచిగున్నయ్, ఇంగ వేరే ఏం లేదని రాసున్నది. అచ్చు గొట్టిన కాగితం. నేనేమో దర్వాజ పడ్తలేదని మొత్తుకుంటి, కాగితమేమో ఏం లేదనె. సరే, చదువుకున్నోళ్లు చూసిన్రు, నాకే చాదస్తం అనుకుని సామాను ఎక్కియ్యనిచ్చిన. గిప్పుడు మళ్ల పొమ్మంటరు. పొద్దుగాలొక మాట, పొద్దుమీకి ఒక మాటనా?"

గడప ఇవతల నిలబడి షారోన్ ఆ కాగితం చూసింది. చదవక్కర్లేదు. లైన్ల పొడుగు చూస్తేనే తెలుస్తోంది ఎవరు రాశారో.

"అది నేను రాసిందే అమ్మా."

"నువ్వు రాసినవా?" ముసలామె కళ్లజోడు కిందికి దించుకుని పిల్లను నిలువునా చూసింది. "మరి నేను చెప్పినయి గుండయ్య నీకు చెప్పలేదా?"

"చెప్పిండు. అన్ని చెప్పిండు. నేను రాయలే."

గుండయ్య తల తిప్పుకున్నాడు.

"ఎందుకు రాయలే?"

దీనికి ఏం చెప్పాలి? దర్వాజలకు గడి లేదని చెప్పాలా? పొడుగైతే చదవరని చెప్పాలా? "ముచ్చట అనుకున్న" అంది షారోన్.

రాజమణమ్మ మంచం మీద కాస్త పక్కకు జరిగి, తన పక్కన చెయ్యి తట్టింది.

"సరే గని. లోపలికి రా. వచ్చి కూసో. గుండయ్య ఎన్నిసార్లొచ్చిన లోపల కూసోని చాయ్ తాగి పోతడు. నువ్వు మా ఇంటి గురించి ఆర్నెల్లకెల్లి రాస్తున్నవు, ఒక్క పూటన్న రాలే. వచ్చి నా పక్కన కూసోని చెప్పు ఏమైందో. వింట. నువ్వు చెప్పినంక లేస్త."

"అమ్మా, బయట చెప్త. రాండ్రి."

"లోపలికి రమ్మంటున్న గద. ఏంది, కాగితం మంచిగనే ఉన్నది గదా?"

షారోన్ పోదామనే అనుకుంది. ముసలామె చెయ్యి పట్టుకుని తీసుకొద్దామనే అనుకుంది. నాలుగడుగులు. కుడి కాలు గడప దాకా వచ్చింది. అక్కడ ఆగింది. రాతి గడప మీద సున్నపు పొడి పడి ఉంది, పిండిలా, తాజాగా. ఆమె చూస్తుండగానే పైనుంచి ఇంకాస్త రాలింది, చప్పుడు లేకుండా. కాలు లేవలేదు. లేపమని చెప్పింది, లేవలేదు. ముఖం మీద నవ్వు తెచ్చుకోవడానికి చూసింది, అదీ రాలేదు.

రాజమణమ్మ ఆమె ముఖం చూడలేదు. కాలే చూస్తోంది.

ఎంతసేపు చూసిందో. ఒక నిమిషం కావచ్చు, ఇంకా తక్కువ కావచ్చు. తర్వాత మోకాళ్ల మీద చేతులానించి, "అబ్బా" అంటూ లేచింది. దేవుడి గూట్లోంచి చిన్న పటం ఒకటి, మందుల డబ్బా, పిల్లదాని పాలసీసా తీసుకుంది. చీరల పెట్టె వైపు చూసి వదిలేసింది. గడప దగ్గరికి వచ్చి, షారోన్ భుజం పట్టుకుని, జాగ్రత్తగా దాటింది.

"గిప్పుడు నమ్మిన" అంది.

గుండయ్య పరిగెత్తి కుర్చీ తెచ్చాడు. ఆమె సందుకు అవతల కూర్చుంది. అప్పుడే సందు మొదట్లో ఇంజనీరు కారు ఆగింది. టోపీ పెట్టుకున్న మనిషి దిగి, ఇల్లు చూసి, దగ్గరికి రాకుండానే అందరినీ ఇంకా వెనక్కి పొమ్మని చెయ్యూపాడు. పక్కిళ్ల వాళ్లను కూడా లేపమన్నాడు. జనం చెప్పులు వెతుక్కుంటూ కదిలారు. సోనీ చంకలోని పిల్ల పాలసీసా కోసం చేతులు చాచింది.

రాజమణమ్మ కుర్చీలోంచి లేవకుండా షారోన్‌ను దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, గిట్ల నువ్వు ఎన్ని ఇండ్లకు రాస్తవు?"

షారోన్ లెక్కపెట్టక్కర్లేదు. ఫోల్డర్లు కళ్లముందే ఉన్నాయి.

"ముప్పై ఎనిమిది."

గుండయ్య ఫోన్ తీసి, ఆ పేర్లున్న జాబితా తెరిచి, నేల మీద గొంతుక్కూర్చుని, మొదటి ఇంటి నుంచి తనకు గుర్తున్నదంతా చెప్పడం మొదలుపెట్టాడు. "లాల్‌దర్వాజ. ఆడ మెట్ల కింద నీళ్లు ఊరుతున్నయ్యని ఒకసారి చెప్పిన, యాదున్నదా?"

షారోన్‌కు యాదిలేదు. ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.